తేదీ లేని వోచర్లు

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో జమీందారు. మా తాతగారు ఆ వంశంలో ఆఖరి జమీందారు. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. నేను ఢిల్లీలో, ద్వారక అనే పేటలో, ఆడవాళ్ల సెలూన్ నడిపాను. నాలుగు తరాల కథ నాలుగు మాటల్లో అయిపోతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని చిన్నప్పటి నుంచీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

ముత్తాతగారి కాలంలో దివాణం చీటీ అని ఒకటి ఉండేది. కచేరీ చేసిన విద్వాంసుడికైనా, పురుడు పోసిన మంత్రసానికైనా డబ్బు చేతికిచ్చేవారు కాదు. అరచేయంత కాగితం మీద ఇవ్వవలసింది రాసి, ఇత్తడి మొహరు నొక్కి ఇచ్చేవారు. అది పట్టుకుని బజారుకు వెళితే బట్టల షావుకారు బట్టలిచ్చేవాడు, కంసాలి వెండి ఇచ్చేవాడు. పంట ఇంటికొచ్చాక వాళ్లు దివాణానికి వచ్చి లెక్క తీర్చుకునేవారు. ఆ చీటీ మీద ఎప్పటిలోగా వాడుకోవాలో రాసేవారు కాదు. జమీందారీలు రద్దయిపోయి, మేడ గోడలకు సున్నం వేయించే స్తోమత కూడా లేని రోజుల్లో, ఒక ముసలావిడ పెట్టె అడుగున దొరికిన చీటీ తెచ్చిందట. చీర జత అని ఉంది. తాతగారు బట్టల కొట్టుకు తనే నడిచి వెళ్లి, రొక్కం ఇచ్చి చీరలు తెచ్చారు. ఈ సంగతి మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్క లేదు. ఆ ఇత్తడి మొహరు, ఒక వెండి పన్నీరు బుడ్డి, మా నాన్నగారి తరవాత నాకు వచ్చాయి.

మావారి ఉద్యోగం మూలంగా ఢిల్లీ వచ్చి స్థిరపడ్డాం. ఆయన రిటైరయ్యాక మా తమ్ముడి భార్య, నేను కలిసి సెలూన్ పెట్టాం. మా మరదలిది హైదరాబాదు. గురుగ్రామ్‌లో పెద్ద కంపెనీలో పనిచేసి, ఆ రాకపోకలు పడలేక మానేసింది. పీఎఫ్ డబ్బు మొత్తం తెచ్చి సెలూన్‌లో పెట్టింది. నేను నా వాటా పెట్టాను. రిసెప్షన్ బల్ల మీద పన్నీరు బుడ్డి పెట్టి, వచ్చిన ప్రతి మనిషి చేతుల మీదా రెండు చుక్కలు చల్లించేదాన్ని. "వదినా, వీళ్లు పెళ్లికి రాలే, ఐబ్రోస్‌కి వచ్చిన్రు" అనేది మరదలు. అయినా చల్లించేదాన్ని.

మొదటి దీపావళికి గిఫ్ట్ వోచర్లు అమ్ముదామన్నది తనే. ఢిల్లీలో దీపావళికి అందరూ అందరికీ ఏదో ఒకటి ఇస్తారు. మిఠాయి డబ్బాల కంటే సెలూన్ వోచర్ నయం కదా, ఇచ్చేవాడికి మోయడం తప్పుతుంది, పుచ్చుకునేవాళ్లకు పనికొస్తుంది. రెండు వేలు పెట్టి కొంటే రెండున్నర వేల సేవలు. నవరాత్రుల్లో మొదలుపెట్టి ధన్‌తేరస్ దాకా అమ్మకం. ప్రింటర్ పంపిన నమూనా వెనక చిన్న అక్షరాల్లో షరతులున్నాయి. కొన్న మూడు నెలల్లో వాడుకోవాలి. ఇక్కడి ఆడవాళ్ల అట్లతద్దిలాంటి కర్వాచౌత్ ముందు మూడు రోజులు చెల్లదు. వేరే ఆఫర్‌తో కలపరాదు. డబ్బు తిరిగి ఇవ్వబడదు.

నేను పెన్ను తీసి మొదటి రెండూ కొట్టేశాను.

"ఎందుకు కొట్టేసిన్రు?" అంది మరదలు.

"తీసుకున్న డబ్బుకి గడువేమిటి? ఇది వడ్డీ వ్యాపారి బుద్ధి."

"గట్ల కాదు వదినా. మోసానికి పెట్టరు గడువు. జనవరిల చలికి ఒక్కరు రారు, స్టాఫ్ ఊకెనే కూసుంటరు. గడువుంటే గా టైమ్‌ల వస్తరు. కర్వాచౌత్ వారంల మాత్రం నగదు కస్టమర్లకే కుర్చీలు చాలవు, గప్పుడు వోచర్లు తెస్తే ఎట్ల?"

"వస్తే కూర్చోబెడతాం."

"అకౌంటెంట్ ఏమన్నడో యాదికుందా? వోచర్ అమ్మిన పైసలు ఆదాయం కాదు, సర్వీస్ ఇచ్చేదాక మన నెత్తిన బాకీ. గడువు లేకుంటే గా బాకీ ఎప్పటికి పోదు."

"పోకపోతే ఉండనీ. మన ఇంటి కాగితం మీద గడువుండదు."

"మన ఇంటిది కాదు వదినా, సెలూన్‌ది," అంది. కానీ ఆడబిడ్డనని, పెద్దదాన్నని, అక్కడితో ఆగింది.

తేదీ గడి ఉన్న చోట నేను ఇత్తడి మొహరు వేయించాను. ఎర్ర సిరాలో, ప్రతి వోచర్ మీదా, నా చేత్తోనే. నంబరు, కొన్నవారి పేరు, ఫోను, కొన్న రోజు, విలువ రిజిస్టరులో నా దస్తూరీతో రాశాను. ఎవరైనా కొంత వాడుకుంటే మిగిలినది వోచర్ వెనక, రిజిస్టరులో, రెండు చోట్లా ఎక్కించేదాన్ని. అదంతా మరదలు సాఫ్ట్‌వేర్‌లోకి కూడా ఎక్కించవలసి వచ్చేది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. గడువు తేదీ ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ వోచర్‌ను సేవ్ చేయలేదు. మరదలు విసుగెత్తి క్యాలెండరులో ఉన్న ఆఖరి సంవత్సరం ఎంచుకుంది. 2099.

"తీసుకోండి, మీ దివాణం అప్పటిదాక ఉంటది," అంది. ఇద్దరం నవ్వాం.

వోచర్లు బాగా అమ్ముడుపోయాయి. మా సెక్టార్‌లోని అపార్టుమెంటు సొసైటీల ఆంటీలు కొన్నారు. ఒక కంపెనీ తమ ఆడ ఉద్యోగులకని ఒకే దఫా పెద్ద కట్ట కొన్నది. ఆ డబ్బుతో వెనక గదిని ఫేషియల్ గదిగా మార్చాం, కొత్త బెడ్, ఏసీ. జనవరి వచ్చింది, మరదలు చెప్పినట్టే సెలూన్ ఖాళీగా ఉంది. వోచర్లు పట్టుకుని వచ్చినవాళ్లు కొద్దిమంది. వసంతంలోనూ అంతే. గడువు లేని దానికి తొందర ఏముంది?

ఎండలు ముదిరేనాటికి పరిస్థితులు మారిపోయాయి. షాపు యజమాని అద్దె పెంచాడు. ఎదుటి వరసలో పెద్ద కంపెనీ సెలూన్ తెరిచింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ, మా తమ్ముడి ఉద్యోగం పోయింది. వాళ్ల ఆఫీసులో ఒక పొద్దున ఈమెయిలు పంపి, మధ్యాహ్నానికి లాప్‌టాప్ తీసేసుకున్నారు. ఫ్లాట్ లోన్ ఉంది. మరదలు మెల్లగా అడిగింది. "వదినా, నా పైసలు నాకు వాపస్ కావాలె. సెలూన్ అమ్మేద్దాం." కాదనే హక్కు నాకు లేదు. సెలూన్ పోతే పోనీ, ఆవిడ పెట్టిన ప్రతి రూపాయీ తిరిగి ఆవిడ చేతిలో పెట్టాలి. ఆడబిడ్డ దగ్గర పెట్టిన డబ్బు మునిగిందన్న మాట మా ఇంటి మీద పడకూడదు. ఆ క్షణం నుంచి నాకు ఉన్న చింత అదొక్కటే.

రాఖీ పండగ రోజుల్లో మా పై అంతస్తు ఆంటీ పళ్లెంలో మిఠాయిలూ, ఒక కవరూ తెచ్చింది. "మీకు సెలూన్ ఉందని తెలుసు, అయినా ఒకసారి వేరేచోట హాయిగా చేయించుకోండి. బాగుంటుందట," అంది హిందీలో. కవరు లోపల వోచర్. ఎర్ర సిరాలో మా ముత్తాతగారి మొహరు.

ఆంటీ వెళ్లాక, పండక్కి మా ఇంటికి వచ్చిన మరదలు సోఫాలో పడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "అయిపోయింది వదినా. మన వోచర్ సోన్ పాపడీ అయిపోయింది," అంది.

నాకు అప్పుడు అర్థమైంది. ఈ ఊళ్లో పాడవని వస్తువును ఎవరూ వాడుకోరు, ఇంకొకరికి ఇస్తారు. సోన్ పాపడీ డబ్బా మీదైనా తేదీ ఉంటుంది. మా వోచర్ మీద లేదు. దీపావళికి వచ్చినది భాయ్‌దూజ్‌కు, అక్కణ్ణించి ఎవరి పుట్టినరోజుకో, అక్కణ్ణించి రాఖీకి. నంబరు చూసి రిజిస్టరు తీశాను. కొన్నవారు ఘాజియాబాద్‌లో ఉంటారు, ఆంటీకి ఏమీ కారు. రిజిస్టరులో కొన్నవారి పేరుంది గాని, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఎక్కడా లేదు.

సెలూన్ కొనడానికి వచ్చినాయన పశ్చిమ ఢిల్లీలో రెండు మూడు సెలూన్లు నడుపుతున్నాడు. మర్యాదస్తుడే. కుర్చీలు ఎక్కించి దించి చూశాడు, వాష్ బేసిన్ల కింద వంగి చూశాడు. తరవాత కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఇంకా వాడని వోచర్ల జాబితా తెరిచి, గడువు గడి దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు.

"మేడమ్‌జీ, ఇదేమిటి? అప్పటికి మీరూ ఉండరు, నేనూ ఉండను. ఈ ద్వారకే ఉంటుందో లేదో."

మరదలు నావైపు చూడలేదు.

"గడువున్నవైతే నేను భయపడను," అన్నాడు. "మూడు నెలలు చూస్తే ఎన్ని వస్తాయో తెలిసిపోతుంది, మిగతావి పోతాయి. ఇవి ఎప్పుడు వస్తాయో ఎవరికి తెలుసు? వోచర్‌తో వచ్చిన ప్రతి ఫేషియల్‌కూ అమ్మాయికి కమీషన్ నేనే ఇవ్వాలి, క్రీములు నావే, ఏసీ నాదే, గల్లాలోకి మాత్రం సున్నా. రెండు దారులున్నాయి. ఈ మొత్తం విలువ ధరలోంచి తగ్గించుకుంటాను. లేదా మీరొక కాగితం రాసి అద్దానికి అంటించండి, యాజమాన్యం మారింది, పాత వోచర్లు చెల్లవు అని. ఈ మార్కెట్‌లో అందరూ చేసేదే. ఠీక్ హై?"

ధర అంత తగ్గితే మరదలి డబ్బు పూర్తిగా తిరిగి రాదు. అది ఆవిడకూ తెలుసు.

ఆయన వెళ్లాక సెలూన్‌లోనే కూర్చుని మాట్లాడుకున్నాం.

"అంటిద్దాం వదినా. ఒక్క కాగితం. రెండు రోజులు ఫోన్లు వస్తయ్, తిడతరు, అయిపోతది."

"అంటించను."

"మీరు అంటించకుంటే నేను అంటిస్త. నా పైసలు గవి. మీ తమ్ముడు పొద్దుగాల లేచి ఎవ్వరికి కనబడొద్దని పార్కుల తిరుగుతున్నడు. మీకు మొహరు ముఖ్యమా, మీ తమ్ముడు ముఖ్యమా?"

ఆ మాట నన్ను కోసింది. కానీ గొంతు పెరగనివ్వలేదు. "నీ డబ్బు మొత్తం వస్తుంది. ఎక్కణ్ణించి అన్నది నా పని. ఆ కాగితం మాత్రం ఈ అద్దం మీద పడదు."

"ఎక్కణ్ణించి వస్తది? మీ జమీందారీలకెళ్లి వస్తదా?"

మరదలు బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కొనేవాడికి ఫోన్ చేసి మూడో దారి చెప్పాను. తాళం అప్పగించేలోగా వోచర్లన్నీ నేనే తీర్చేస్తాను, ధర మాత్రం తగ్గించవద్దు. "తీర్చగలిగితే మంచిదే, మేడమ్‌జీ. నా గుమ్మంలో ఆ ఎర్ర ముద్ర మాత్రం కనబడకూడదు," అన్నాడు. దీపావళి దాటాక తాళాలు.

రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "అది మా ఆడపడుచుకిచ్చాను." "మా డాక్టరమ్మకిచ్చాం." కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి, "మేమ్, తంబోలా ప్రైజులుగా ఇచ్చేశాం, ఎవరికి వచ్చాయో లిస్ట్ ఉంచలేదు," అంది. ఇక మిగిలింది బహిరంగంగా చెప్పడమే. సొసైటీల వాట్సాప్ గ్రూపుల్లో, గేట్ల దగ్గర నోటీసు బోర్డుల మీద పెట్టించాను. సెలూన్ చేతులు మారుతోంది, ఎర్ర మొహరు ఉన్న వోచర్ ఎవరి దగ్గరున్నా దీపావళిలోగా తెచ్చి వాడుకోండి, వద్దంటే కొన్న ధర తిరిగి ఇస్తాం అని.

నోటీసు పెట్టిన కొద్ది రోజులకే కర్వాచౌత్ వారం వచ్చింది. పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల మీద ఆడవాళ్లు. ప్రతి చేతిలోనూ వోచర్. గోరింటాకు పెట్టేవాళ్లను బయటి నుంచి అదనంగా పిలిపించి రోజు కూలి ఇచ్చాను. మా అమ్మాయిలు తిండి మానేసి పనిచేశారు. వాళ్ల కమీషన్ ఏ రోజుది ఆ రోజు ఇచ్చేశాను. డబ్బిచ్చి చేయించుకునే పాత కస్టమర్లు కుర్చీలు లేవని చూసి ఎదుటి సెలూన్‌కు వెళ్లిపోయారు. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ సంపాదించవలసిన వారంలో మా గల్లా పెట్టెలోకి ఏమీ రాలేదు. బయటికే వెళ్లింది. మరదలు వచ్చింది. నాతో మాట్లాడలేదు గాని కౌంటర్ దగ్గర కూర్చుని ఒక్కో నంబరూ చూసి సాఫ్ట్‌వేర్‌లో మూసేసింది. వోచర్ తీసుకుని, అడ్డంగా గీత గీసి, డబ్బాలో పడేసేది. పన్నీరు చల్లే తీరిక ఎవరికీ లేదు. అయినా రద్దీ సర్దుకున్న ప్రతిసారీ లేచి నేనే చల్లాను.

దీపావళి ముందు రోజు సాయంత్రం, డబ్బాలో దాదాపు అన్ని నంబర్లూ చేరాక, ఒకావిడ వచ్చింది. మా పక్క సొసైటీలో నాలుగిళ్లలో వంట చేస్తుంది. తలుపు దగ్గరే చెప్పులు విప్పబోతే వద్దన్నాను. కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన వోచర్ తీసింది. కిందటి దీపావళికి బోనస్‌కు బదులు యజమానురాలు ఇచ్చిందట.

"దీదీ, గేట్ దగ్గర చదివించుకున్నాను. రేపటితో అయిపోతుందంటున్నారు. దీని మీద తారీఖు లేదు కదా?"

"లేదు."

"అందుకే దాచాను. మా అమ్మాయి పెళ్లి వచ్చే నెల. పెళ్లిరోజు ఇక్కడే తయారవుతుందని చెప్పుకున్నాం. ఇంటి వాళ్లకందరికీ చెప్పేశాను."

"డబ్బు తిరిగి ఇస్తానమ్మా."

"డబ్బు ఖర్చయిపోతుంది దీదీ," అంది. అంతే అంది.

మరదలు నా చెవి దగ్గరికి వంగి, చాలా రోజుల తరవాత మొదటిసారి నాతో మాట్లాడింది. "వోచర్ రెండున్నర వేలది. పెళ్లికూతురి మేకప్‌కు సరిపోదు వదినా. పాపం అని పెద్దది ఇస్తరేమో."

"ఇవ్వను. కాగితం మీద ఎంతుందో అంత. తక్కువ కాదు, దయా కాదు," అన్నాను. ఫేషియల్, జడ, రెండు చేతులకూ గోరింటాకు. విలువకు సరిగ్గా సరిపోయాయి.

పెళ్లి తాళాలు అప్పగించాక కాబట్టి, ఈ ఒక్క వోచర్ తీసుకోమని కొనేవాడికి ఫోన్ చేస్తే ముందు ఒప్పుకోలేదు. ఒకరికి ఒప్పుకుంటే యాభైమంది వస్తారన్నాడు. మీ సెలూన్‌లో కొత్త వోచర్ కొంటాను, పూర్తి ధర ఇస్తాను, అది మీకు ఆదాయమే కదా అన్నాను. కొంచెంసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. మర్నాడు తనే వచ్చి, తన సెలూన్ల పేరుతో మెరిసే అట్ట మీద వోచర్ ఇచ్చాడు. వెనక గడువు ఉంది. మూడు నెలలు.

నేను రమ్మంటే మళ్లీ వచ్చిన వంటావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆ అంకెల మీద వేలు పెట్టింది. "ఇందులో తారీఖుంది. పెళ్లి వెనక్కి జరిగితే?"

"గడువు తీసేయగలరా?" అని ఆయన్ను అడిగాను.

"సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు మేడమ్‌జీ," అన్నాడు నవ్వుతూ. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. మరదలు పెదవి కొరుక్కుంది.

నేను నా ఫోన్ నంబరు రాసిచ్చాను. "గడువు దాటితే నాకు చెప్పు. మా ఇంటికి తీసుకురా. నేనే తయారుచేస్తాను." ఆవిడ ఆ కాగితాన్ని కొత్త వోచర్‌తో కలిపి అదే ప్లాస్టిక్ సంచిలో చుట్టింది. రెండింటిలో దేన్ని ఎక్కువ నమ్మిందో నాకు తెలియదు. పెళ్లి అనుకున్న రోజుకే జరిగింది. నాకు ఫోన్ రాలేదు.

తాళాలు అప్పగించిన రోజు లెక్క చూసుకున్నాం. ధర తగ్గలేదు. కానీ తిరిగి ఇచ్చిన డబ్బు, గోరింటాకు కూలీలు, కమీషన్లు, కర్వాచౌత్ నష్టం కలిపితే నా వాటా పూర్తిగా పోయి, మరదలి వాటాలో కూడా కొంత లోటు పడింది. ఆ లోటు వారంలోగా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఎక్కణ్ణించి అని అడగలేదు. రిసెప్షన్ బల్ల ఖాళీ చేసిన రోజు ఆవిడ అక్కడే ఉంది, ఇంటికి ఏది వచ్చిందో ఏది రాలేదో చూసే ఉంటుంది. "మొత్తం వచ్చినయ్ వదినా," అంది లెక్కపెట్టకుండానే. అప్పటి నుంచి పండగలకు వస్తుంది. కూర్చుంటుంది. కాఫీ తాగుతుంది. దివాణం మీద హాస్యాలు ఆడదు. నేను వాటి కోసం ఎదురుచూస్తుంటానని ఆవిడకు తెలియదు.

మొహరు నా దగ్గరే ఉంది, ఇత్తడికి ఎవరూ ఏమీ ఇవ్వరు. పన్నీరు బుడ్డిని కరోల్ బాగ్‌లో వెండి తూకానికి అమ్మాను. పనితనానికి విలువ కట్టలేదు.